ఒకే ఘటనపై మూడు కథనాలు: పొసగని వివరాలతో సంక్షిప్త వార్త రాసే పద్ధతి

ఒక ఘటనపై మూడు చోట్ల వచ్చిన కథనాలను ముందు పెట్టుకుని, వాటి సారాన్ని ఏడెనిమిది వాక్యాలలోకి తేవలసి వచ్చినప్పుడు, కుదించడం పెద్ద కష్టమేమీ కాదు. ఒక కథనంలో మృతులు ఇద్దరని, మరొక దానిలో ముగ్గురని ఉన్నప్పుడు ఏమి చేయాలన్నదే అసలు చిక్కు. చాలామంది ఇక్కడ మూడు దారులలో ఏదో ఒకటి పడతారు. రెండు కథనాలు ఏ అంకె చెబితే దానిని తీసుకుంటారు, లేదా అన్నిటికంటే పేరున్న సంస్థ చెప్పినదే ఖాయమనుకుంటారు, లేదా ‘ఇద్దరు నుంచి ముగ్గురు’ అని రాసి చేతులు దులుపుకుంటారు. ఈ మూడింటిలో ఏదీ నమ్మదగిన పద్ధతి కాదు. పొసగనట్లు కనిపించే వివరాలలో ఎక్కువ భాగం నిజానికి ఒకదానికొకటి విరుద్ధమైనవి కావు. అవి వేర్వేరు సమయాలలో, వేర్వేరు పరిధులలో, వేర్వేరు వ్యక్తులు చెప్పిన మాటలు. ముందు వాటిని విడదీసి పక్కన పెడితే, నిజమైన వైరుధ్యాలు ఒకటో రెండో మాత్రమే మిగులుతాయి. వాటితో ఎలా వ్యవహరించాలన్నది అప్పుడు తేలికగానే తెలుస్తుంది.

ఈ పద్ధతిని ఒక ఉదాహరణతో చూద్దాం. కింది మూడు కథనాలూ ఉదాహరణ కోసం కల్పించినవే అయినా, వాటిలోని తేడాలు అగ్నిప్రమాదాల వార్తలలో తరచూ కనిపించే రకానివే.

మొదటిది ఒక వార్తా సంస్థ మంగళవారం అర్ధరాత్రి దాటాక 12.40 గంటలకు పంపిన కథనం: “ఓ గోదాములో మంగళవారం రాత్రి 10 గంటల ప్రాంతంలో మంటలు చెలరేగి ఇద్దరు కార్మికులు మృతి చెందారు. 11 మంది గాయపడ్డారని ఘటనాస్థలంలో అగ్నిమాపక అధికారి ఒకరు తెలిపారు. షార్ట్ సర్క్యూట్ కారణమై ఉండవచ్చని ప్రాథమికంగా భావిస్తున్నట్లు ఆయన చెప్పారు. 8 ఫైరింజన్లు మంటలను ఆర్పుతున్నాయి.”

రెండోది బుధవారం ఉదయం వచ్చిన దినపత్రికలోనిది: “గోదాము అగ్నిప్రమాదంలో ముగ్గురు మరణించారు. రాత్రి 10.20 గంటలకు కంట్రోల్ రూమ్‌కు ఫోన్ వచ్చింది. ఇద్దరు అక్కడికక్కడే చనిపోగా, మరొకరు ఆసుపత్రిలో చికిత్స పొందుతూ రాత్రి 2 గంటలకు కన్నుమూశారు. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది సహా మరో 14 మందిని చేర్చుకున్నట్లు ఆసుపత్రి వైద్యులు తెలిపారు. పై అంతస్తులో వెల్డింగ్ జరుగుతుండగా నిప్పురవ్వలు పడ్డాయని, వెనుక గేటుకు తాళం వేసి ఉండటంతో బయటపడటం కష్టమైందని కార్మికులు చెప్పారు.”

మూడోది ఒక వార్తా వెబ్‌సైట్‌లో బుధవారం సాయంత్రం 6 గంటలకు సవరించి పెట్టిన కథనం: “గోదాములో చెలరేగిన మంటలు బుధవారం తెల్లవారుజామున 4 గంటలకు అదుపులోకి వచ్చాయి. 12 ఫైరింజన్లను వినియోగించారు. ముగ్గురు మృతి చెందారు. క్షతగాత్రులలో ఐదుగురిని డిశ్చార్జి చేశామని, తొమ్మిది మంది చికిత్స పొందుతున్నారని ఆసుపత్రి వైద్యులు చెప్పారు. షార్ట్ సర్క్యూట్ వల్ల ప్రమాదం జరిగినట్లు వార్తా సంస్థ పేర్కొనగా, కారణం ఇంకా నిర్ధారణ కాలేదని దర్యాప్తు అధికారులు అంటున్నారు. గేటుకు తాళం వేశారన్న ఆరోపణను యాజమాన్యం ఖండించింది.”

మొదటి మెట్టు: కథనాలను సమాచార ముక్కలుగా విడగొట్టడం

మూడింటినీ ఒకసారి పూర్తిగా చదివిన తరువాత వెంటనే రాయడం మొదలుపెట్టకూడదు. చదివిన వెంటనే రాస్తే, చివరగా చదివిన కథనం చట్రంలోకే మిగతా రెండింటి వివరాలు వచ్చి పడతాయి. దానికి బదులు ప్రతి కథనాన్నీ చిన్న చిన్న సమాచార ముక్కలుగా విడగొట్టాలి. ఒక్కో ముక్కలో ఒక్క విషయమే ఉండాలి. ‘ఇద్దరు కార్మికులు మృతి చెందారు’ అన్న చిన్న వాక్యంలో కూడా రెండు ముక్కలున్నాయి. మృతులు ఇద్దరన్నది ఒకటి, వారు కార్మికులన్నది మరొకటి. ఈ తేడా ఇప్పుడు అనవసరమనిపించినా, రాసేటప్పుడు ఇదే ఎలా కాలికి అడ్డం పడుతుందో ముందు ముందు చూస్తాం.

ప్రతి ముక్క పక్కనా మూడు వివరాలు తప్పనిసరిగా రాసుకోవాలి. అది ఏ సమయానికి వర్తిస్తుంది, ఎవరు చెప్పారు, ఏ మాటలతో చెప్పారు. మొదటి వివరం దగ్గర కథనం వెలువడిన సమయాన్నే కాక, ఆ సమాచారం సేకరించిన సమయాన్ని కూడా వీలైనంత వరకు ఊహించాలి. ఉదయం మన చేతికి వచ్చే దినపత్రిక ఆ ఉదయపు పరిస్థితిని చెప్పదు. అది అచ్చుకు వెళ్లిన రాత్రి వేళ వరకు తెలిసినదే చెబుతుంది. వెబ్‌సైట్ కథనానికి పైన ‘సవరించిన సమయం’ సాయంత్రం 6 అని ఉన్నా, అందులోని ప్రతి వాక్యమూ అప్పుడే సరిచూసినదని అనుకోవడానికి లేదు. పైన రెండు కొత్త పేరాలు చేర్చి కింద పాత పేరాలను అలాగే ఉంచడం సాధారణంగా జరిగేదే. అందుకే కథనానికంతటికీ కలిపి ఒకే సమయం వేయకుండా ముక్కముక్కకూ విడిగా వేసుకోవాలి.

మూడో వివరమైన మాటల తీరు దగ్గర క్రియలను ఉన్నది ఉన్నట్లుగా ఎత్తిరాసుకోవాలి. ‘భావిస్తున్నారు’, ‘తెలిసింది’, ‘ఆరోపించారు’, ‘నిర్ధారించారు’ అనే మాటలు ఎంత నమ్మకంతో చెబుతున్నారో తెలిపే గుర్తులు. కుదింపులో అన్నిటికంటే ముందు రాలిపోయేవి కూడా ఇవే. మన ఉదాహరణలోనే చూడండి. అగ్నిమాపక అధికారి ‘కారణమై ఉండవచ్చని ప్రాథమికంగా భావిస్తున్నట్లు’ చెప్పిన మాట, మూడో కథనానికి వచ్చేసరికి ‘షార్ట్ సర్క్యూట్ వల్ల ప్రమాదం జరిగినట్లు’గా గట్టిపడిపోయింది. కొత్త ఆధారమేదీ చేరలేదు, మాట మాత్రం మారింది. మనం ఆ రెండో రూపాన్ని తీసుకుని ఇంకొంచెం కుదిస్తే, అనుమానం కాస్తా నిర్ధారణ అయి కూర్చుంటుంది.

ఈ దశలోనే తేదీలను కూడా వారం పేరుతోనో అంకెలతోనో స్థిరపరచుకోవాలి. ‘నిన్న’, ‘ఈ ఉదయం’ అన్న మాటలు మూడు కథనాలలో మూడు వేర్వేరు రోజులను సూచించవచ్చు. అర్ధరాత్రి దాటిన వేళలతో మరింత జాగ్రత్త అవసరం. మన వాడుకలో ‘మంగళవారం రాత్రి 2 గంటలు’ అంటే క్యాలెండర్ ప్రకారం బుధవారమే. ఒకరు ‘మంగళవారం రాత్రి’ అని, మరొకరు ‘బుధవారం తెల్లవారుజామున’ అని రాస్తే అవి రెండు వేర్వేరు సంఘటనలేమోనని భ్రమపడి, ఒకే మరణాన్ని రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదముంది.

రెండో మెట్టు: చెప్పినవారు ఎంతమంది అన్నది లెక్కగట్టడం

చేతిలో ఉన్నవి మూడు కథనాలే అయినా, వాటి వెనుక సమాచారం ఇచ్చినవారు ముగ్గురే ఉండాలని లేదు. ఇద్దరే ఉండవచ్చు, ఒక్కరే ఉండవచ్చు. షార్ట్ సర్క్యూట్ సంగతి మొదటి, మూడో కథనాలు రెండింటిలోనూ ఉంది, వెల్డింగ్ సంగతి రెండో దానిలో మాత్రమే ఉంది. పైపైన లెక్కిస్తే రెండుకు ఒకటిగా షార్ట్ సర్క్యూట్‌దే పైచేయి. కానీ మూడో కథనం తన మాటను వార్తా సంస్థ నుంచే తీసుకున్నానని చెబుతోంది. అంటే ఆ రెండు కథనాల వెనుక ఉన్నది ఒక్కరే, మంటలింకా ఆరకముందు గోదాము బయట నిలబడి మాట్లాడిన ఒక అధికారి. లెక్క సరిచేస్తే అది ఒకటికి ఒకటి.

అన్నిచోట్లా వచ్చింది కదా అని నమ్మితే ఏమవుతుందో 1912 ఏప్రిల్ 15 నాటి పత్రికలు చూపిస్తాయి. టైటానిక్ ఓడ ఆ రోజు తెల్లవారకముందే మునిగిపోయి సుమారు 1,500 మంది చనిపోగా, ప్రయాణికులంతా క్షేమమన్న వార్తను అదే రోజు పలు పత్రికలు అచ్చువేశాయి. సముద్రం మధ్య నుంచి అరకొరగా అందిన సందేశాల ఆధారంగా పుట్టిన ఒక తప్పు, పత్రికల సంఖ్య పెరిగినంత మాత్రాన ఒప్పు కాలేదు.

ఒకరినుంచి ఒకరు తీసుకున్నారని కథనాలు ప్రతిసారీ ఇంత నిజాయితీగా ఒప్పుకోవు. అయినా ఆనవాళ్లు దొరుకుతాయి. రెండు కథనాలలో ఒకే వాక్యం దాదాపు ఒకే మాటలతో ఉండటం, ఒకే పేరును రెండూ ఒకే విధంగా తప్పు రాయడం, ఇద్దరూ ఒకే అధికారి నుంచి ఒకే రెండు ముక్కలను మాత్రమే ఉటంకించడం వంటివి కనిపిస్తే, అవి ఒకే మూలం నుంచి వచ్చినట్లు భావించి ఒక్కటిగానే లెక్కపెట్టాలి. ముఖ్యంగా తప్పులు కలవడం బలమైన ఆనవాలు. ఒప్పు ఎవరికి వారుగా రాసినా కలుస్తుంది, తప్పు అలా కలవడం అరుదు.

మూలాన్ని గుర్తించాక, ఆ వ్యక్తికి ఆ విషయం ఎలా తెలిసి ఉంటుందో ఆలోచించాలి. హోదా కంటే దగ్గరితనానికే ఇక్కడ ఎక్కువ విలువ. ఆసుపత్రిలో ఎంతమంది చేరారన్నది వైద్యులకు రిజిస్టరు చూస్తే తెలిసే సంగతి. అదే వైద్యులు మంటలకు కారణం చెబితే దానికి అంత బరువు ఉండదు. పై అంతస్తులో వెల్డింగ్ జరుగుతోందా లేదా అన్నది అక్కడ పనిచేస్తున్న కార్మికులు కళ్లారా చూడగలిగినది. ఆ నిప్పురవ్వలే మంటలకు మూలమా అన్నది మాత్రం వారు కూడా ఊహించి చెప్పేదే. ఒకే వ్యక్తి మాటలోనైనా చూసినది, ఊహించినది విడివిడిగా తూచుకోవాలి. అందువల్ల ‘ఈ కథనం నమ్మదగినది, ఆ కథనం కాదు’ అని గంపగుత్తగా తీర్పు చెప్పుకోవడంలో అర్థం లేదు. ఒకే కథనం క్షతగాత్రుల సంఖ్య విషయంలో గట్టిదై, కారణం విషయంలో బలహీనమైనది కావచ్చు.

మూడో మెట్టు: తేడా ఏ రకానిదో తేల్చడం

ఇప్పుడు ఒకే విషయానికి చెందిన ముక్కలను పక్కపక్కన పేర్చి, తేడా ఉన్న ప్రతి చోటా ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ రెండూ ఏకకాలంలో నిజమయ్యే వీలుందా? ఉంటే అది వైరుధ్యం కాదు.

సమయాన్ని బట్టి వచ్చే తేడా అన్నిటికంటే తరచుగా కనిపిస్తుంది. మృతులు ఇద్దరా, ముగ్గురా అన్నది అలాంటిదే. మొదటి కథనం వెలువడిన 12.40 గంటలకు మృతులు ఇద్దరే. 2 గంటలకు ఆసుపత్రిలో మరొకరు చనిపోయారు. రెండు కథనాలూ తమ తమ సమయాలకు సరైనవే కాబట్టి, ఇక్కడ తాజా అంకెను తీసుకుంటే సరిపోతుంది. ‘మృతుల సంఖ్యపై భిన్న కథనాలున్నాయి’ అని రాస్తే లేని వివాదాన్ని పుట్టించినవారమవుతాం. ఫైరింజన్లు 8, 12 అన్న తేడా కూడా ఈ కోవలోదే కావచ్చు. ఒకటి అప్పటికి పనిచేస్తున్న సంఖ్య, మరొకటి మొత్తం వినియోగించిన సంఖ్య. అయితే చిన్న సారాంశంలో ఫైరింజన్ల సంఖ్యకు చోటు అక్కరలేదు కాబట్టి దాని మీద కాలం వెచ్చించనవసరం లేదు. రాయబోయే వివరాల తేడాలను మాత్రమే తేల్చుకోవాలి.

తాజా అంకె ఎప్పుడూ సరైనదేనని మాత్రం అనుకోకూడదు. మూడో కథనంలో ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూసి, కొత్త సమాచారం వల్ల మారిందా లేక పాతదే తిరిగి రాశారా అని గమనించాలి. మార్పుకు కారణం కథనంలోనే కనిపిస్తే, ఉదాహరణకు ‘చికిత్స పొందుతూ మరొకరు మృతి’ అన్నట్లు ఉంటే, నిశ్చింతగా తీసుకోవచ్చు. ఏ వివరణా లేకుండా అంకె తగ్గితే ఆగి ఆలోచించాలి. పెద్ద ప్రమాదాలలో తొలి లెక్కలు తగ్గడం కూడా మామూలే, ఎందుకంటే ఒకే పేరు రెండు జాబితాలలో చేరడం, ఆచూకీ తెలియనివారిని మృతులుగా ఎంచడం వంటివి మొదటి గంటలలో జరుగుతుంటాయి.

పరిధిని బట్టి వచ్చే తేడాను పట్టుకోవడం ఇంకొంచెం కష్టం. 1937 మే 6న అమెరికాలోని లేక్‌హర్స్ట్‌లో హిండెన్‌బర్గ్ గాలిఓడ తగలబడినప్పుడు మృతులు 35 మంది అని ఒకచోట, 36 మంది అని మరొకచోట చదువుతాం. రెండూ సరైనవే. ఓడలో ఉన్న 97 మందిలో 35 మంది చనిపోయారు, నేల మీద పనిచేస్తున్న సిబ్బందిలో మరొకరు చనిపోయారు. ఒకరు ఓడలోని వారిని లెక్కపెట్టారు, మరొకరు ప్రమాదంలో పోయినవారందరినీ లెక్కపెట్టారు. ఇలాంటి చోట ఒక అంకెను ఎంచుకుని రెండోదాన్ని వదిలేయడం కంటే, అంకె పక్కన పరిధిని రెండు మాటలలో చెప్పడం మేలు. అంకె మాత్రమే రాసి పరిధిని వదిలేస్తే, చదివినవారు దానిని మరో అంకెతో పోల్చి తప్పని అనుకుంటారు.

మన గోదాము ఉదాహరణలో పరిధి చిక్కు క్షతగాత్రుల దగ్గర వస్తుంది. మొదటి కథనం 11 అంటుంది, రెండోది 14 అంటుంది, మూడోదానిలో ఐదుగురు, తొమ్మిది మంది అని ఉంది. 14, 9 అన్న అంకెల మధ్య సంబంధం స్పష్టమే. రెండింటినీ చెప్పింది ఆసుపత్రి వైద్యులే, లెక్క కూడా ఆసుపత్రిలో చేరినవారిదే, 14 మందిలో ఐదుగురు వెళ్లిపోతే మిగిలేది తొమ్మిది మంది. మరణించినవారు ఈ 14లో లేరని ‘మరో’ అన్న మాట చెబుతోంది. ‘మరో’, ‘సహా’, ‘వారిలో’ అన్న చిన్న మాటలు లెక్కలో ఎవరు ఉన్నారో, ఎవరు లేరో తేల్చేవి కాబట్టి, నోట్సు రాసుకునేటప్పుడు అంకెతోపాటు వాటిని కూడా విడవకుండా ఎత్తిరాసుకోవాలి.

మరి 11 మాటేమిటి? ఇక్కడొక ఆకర్షణ ఉంది. 14 మందిలో అగ్నిమాపక సిబ్బంది ముగ్గురిని తీసేస్తే సరిగ్గా 11 వస్తుంది. అధికారి తన సిబ్బందిని వదిలేసి మిగతావారిని మాత్రమే చెప్పి ఉంటారని, రెండు అంకెలూ చక్కగా కలిశాయని అనిపిస్తుంది. కానీ 12.40 గంటలకు ఆ మూడో మృతుడు ఇంకా క్షతగాత్రుడే. అధికారి చెప్పిన 11 మందిలో ఆయన కూడా ఉండి ఉంటే, తరువాత మిగిలేది 10 మంది, అప్పుడు లెక్క కలవదు. ఆయన ఆ 11లో ఉన్నారా, లేరా అన్నది మూడు కథనాలలో ఎక్కడా లేదు. అంకెలు కలిసినంత మాత్రాన కారణం దొరికినట్లు కాదు. అందువల్ల ‘11 మంది కార్మికులు, ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది గాయపడ్డారు’ అని రాయకూడదు. అది ఏ కథనమూ చెప్పని, మన లెక్కలో పుట్టిన వాస్తవం. 11ను తొలి గంటల లెక్కగా పక్కన పెట్టి, ఆసుపత్రి అంకెలను తీసుకుంటే చాలు. పొసగని ప్రతి అంకెకూ వివరణ కనిపెట్టవలసిన బాధ్యత సారాంశం రాసేవారికి లేదు.

10 గంటలు, 10.20 అన్న తేడా కూడా ఇలాగే కరిగిపోతుంది. ఒకటి మంటలు మొదలైన సమయానికి వేసిన అంచనా, మరొకటి ఫోన్ వచ్చిన సమయం. అవి వేర్వేరు క్షణాలు. మంటలు మొదలైన సమయం ఎవరికీ కచ్చితంగా తెలియకపోవచ్చు, ఫోన్ వచ్చిన సమయం మాత్రం నమోదై ఉంటుంది. అందువల్ల ‘10.20 గంటలకు మంటలు చెలరేగాయి’ అని రాయడం తప్పు, ‘10.20 గంటలకు కంట్రోల్ రూమ్‌కు సమాచారం అందింది’ అని రాయడం ఒప్పు.

నాలుగో మెట్టు: మిగిలిన నిజమైన వైరుధ్యాలు

ఇంత వడపోత తరువాత మన ఉదాహరణలో మిగిలినవి రెండే. ప్రమాదానికి కారణం ఒకటి, వెనుక గేటు తాళం మరొకటి. ఈ ఒక్కో విషయంపై వచ్చిన రెండు మాటలూ ఏకకాలంలో నిజమయ్యే వీలు లేదు. ఇలాంటి చోట మన ముందు మూడు మార్గాలుంటాయి. ఇరుపక్షాల మాటనూ వారి వారి పేరుతో చెప్పడం, రెండింటికీ ఉమ్మడిగా వర్తించే సాధారణ మాటకు దిగడం, ఆ వివరాన్ని పూర్తిగా వదిలేయడం. ఏది ఎంచుకోవాలన్నది ఆ వివరం లేకపోతే పాఠకుడు నష్టపోతాడా అన్న దాని మీద ఆధారపడుతుంది.

కారణాన్ని వదిలేయడానికి లేదు, ప్రమాద వార్త చదివేవారు ముందుగా అడిగేది అదే. ఇక్కడ అదృష్టవశాత్తూ దర్యాప్తు అధికారుల మాట మూడో కథనంలో ఉంది. కారణం ఇంకా నిర్ధారణ కాలేదన్న ఆ మాట అందరికంటే తాజాది, తేల్చే బాధ్యత ఉన్నవారు చెప్పినది. దానిని ముందు పెట్టి, తరువాత రెండు అభిప్రాయాలనూ వాటిని వెలిబుచ్చినవారి పేరుతో చెప్పాలి. వరుస చాలా ముఖ్యం. ‘షార్ట్ సర్క్యూట్ వల్ల ప్రమాదం జరిగిందని చెబుతున్నా, కార్మికులు మాత్రం వెల్డింగ్ అంటున్నారు’ అని రాస్తే, మొదటిది వాస్తవంగానూ రెండోది ఫిర్యాదుగానూ ధ్వనిస్తుంది. ‘మాత్రం’, ‘అయినప్పటికీ’ వంటి మాటలు రచయిత ఎటు మొగ్గారో చెప్పకనే చెబుతాయి, కాబట్టి ఇరుపక్షాలకూ ఒకే తూకపు క్రియలు వాడాలి. ఒకరు ‘తెలిపారు’ అయి మరొకరు ‘వాదించారు’ కాకూడదు. కారణాలు ఒక్కోసారి ఎప్పటికీ తేలవన్నది కూడా గుర్తుంచుకోవాలి. పైన చెప్పిన హిండెన్‌బర్గ్ ఎలా అంటుకుందన్నది విచారణలు జరిగి దశాబ్దాలు గడిచినా నిర్వివాదంగా తేలలేదు. మరుసటి సాయంత్రానికే మనం తేల్చేయాలన్న తొందర దేనికి?

గేటు తాళం సంగతి మరీ సున్నితమైనది. ఇది ఒకరి మీద నేరం మోపే మాట. దీనిని రాస్తే ఖండనతో కలిపి ఒకే వాక్యంలో రాయాలి, చోటు లేకపోతే రెండింటినీ వదలాలి. ఆరోపణను ఉంచి ఖండనను కత్తిరించడం పదాల పరిమితి పేరుతో జరిగే తప్పులన్నిటిలో పెద్దది. ఆరోపణ రెండో కథనంలోనూ, ఖండన మూడో కథనంలోనూ ఉన్నాయి కాబట్టి, ఒక్కటే చదివి రాసినవారికి సగమే తెలుస్తుంది. మూడింటినీ కలిపి రాయడంలో ఉన్న నిజమైన లాభం ఇదే.

సాధారణ మాటకు దిగడం అనే మార్గం చిన్న తేడాలకు బాగా పనికి వస్తుంది. ఒకరు 34 ఏళ్లని, మరొకరు 35 ఏళ్లని రాస్తే వయసు వదిలేయవచ్చు. పేరు అక్షరక్రమంలో తేడా ఉంటే మాత్రం సర్దుబాటు కుదరదు, అది సరిచూసుకోవలసిందే. అంకెల విషయంలో ‘11 నుంచి 14 మంది’ వంటి శ్రేణిని నేను సాధారణంగా ఒప్పుకోను. ఒకే విషయాన్ని లెక్కించిన రెండు అంచనాలు నిజంగా తేడాగా ఉన్నప్పుడే దానికి అర్థముంటుంది. వేర్వేరు సమయాల అంకెలను కలిపి శ్రేణిగా రాస్తే, ఏ సమయానికీ నిజం కాని మాట తయారవుతుంది. సగటు తీయడం గురించి చెప్పనే అక్కరలేదు.

ఐదో మెట్టు: రాయడం, వెనక్కి సరిచూడటం

సారాంశాన్ని ఏ ఒక్క కథనం వరుసలోనూ రాయకూడదు. మూడింటిలో ఏకాభిప్రాయం ఉన్న గట్టి వాస్తవాలు ముందు, వేళలు తరువాత, తేలని సంగతులు చివర వచ్చేలా పేర్చుకోవాలి. తొందరలో రాసిన చిత్తుప్రతి ఇలా ఉంటుంది:

“గోదాములో మంగళవారం రాత్రి 10.20 గంటలకు షార్ట్ సర్క్యూట్‌తో మంటలు చెలరేగి ముగ్గురు కార్మికులు మరణించారు, 11 నుంచి 14 మంది గాయపడ్డారు. వెనుక గేటుకు తాళం వేసి ఉండటంతో వారు బయటపడలేకపోయారు.”

రెండే వాక్యాలు, హాయిగా చదువుకోవచ్చు. కానీ ప్రతి ముక్కలోనూ ఏదో ఒక లోపముంది. 10.20 ఫోన్ వచ్చిన సమయం. షార్ట్ సర్క్యూట్ తొలి అనుమానం మాత్రమే. శ్రేణి అర్థం లేనిది. తాళం వివాదాస్పదమైనది, పైగా అందుకే వారు చనిపోయారని ఏ కథనమూ చెప్పలేదు. ‘బయటపడటం కష్టమైంది’ అన్నది బతికి బయటపడినవారి మాట, చిత్తుప్రతిలో అది చనిపోయినవారికి తగిలింది. ఇక ‘ముగ్గురు కార్మికులు’ దగ్గర, మొదటి మెట్టులో విడదీసిన రెండు ముక్కలు అడ్డం పడతాయి. మొదటి కథనం ఇద్దరు మృతులు కార్మికులని చెప్పింది. రెండోది మృతులు ముగ్గురని చెప్పింది. మూడో వ్యక్తి కార్మికుడని ఎవరూ చెప్పలేదు. ఆయన డ్రైవరో, వాచ్‌మనో, మంటలార్పడానికి వచ్చిన వ్యక్తో కావచ్చు. ఒక కథనంలోని విశేషణాన్ని మరో కథనంలోని అంకెకు తగిలించడం ఈ పనిలో అన్నిటికంటే సులభంగా జరిగిపోయే పొరపాటు. చదివేవారికి అది అసలే కనిపించదు.

సరైన ప్రతి ఇలా ఉండవచ్చు:

“ఓ గోదాములో మంగళవారం రాత్రి జరిగిన అగ్నిప్రమాదంలో ముగ్గురు మరణించారు. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది సహా మరో 14 మందిని ఆసుపత్రిలో చేర్చారు. వైద్యుల సమాచారం ప్రకారం ఐదుగురు డిశ్చార్జి కాగా, బుధవారం సాయంత్రానికి తొమ్మిది మంది చికిత్స పొందుతున్నారు. రాత్రి 10.20 గంటలకు కంట్రోల్ రూమ్‌కు ఫోన్ రాగా, బుధవారం తెల్లవారుజామున 4 గంటలకు మంటలు అదుపులోకి వచ్చాయి. ప్రమాద కారణం ఇంకా నిర్ధారణ కాలేదని దర్యాప్తు అధికారులు తెలిపారు. షార్ట్ సర్క్యూట్ కావచ్చని అగ్నిమాపక అధికారి ఒకరు తొలుత చెప్పగా, పై అంతస్తులో వెల్డింగ్ నిప్పురవ్వలు పడ్డాయని కార్మికులు చెప్పారు. వెనుక గేటుకు తాళం వేసి ఉందని కార్మికులు చెప్పగా, యాజమాన్యం దానిని ఖండించింది.”

ఇందులోని అంకెలన్నీ ఏదో ఒక కథనంలో ఉన్నవే. మనం కూడి, తీసి తెచ్చినది ఒక్కటీ లేదు. 14లోంచి ఐదు తీస్తే తొమ్మిది వస్తుందన్న లెక్కను సరిచూసుకోవడానికి వాడుకున్నామే కానీ, దాని నుంచి కొత్త అంకెను పుట్టించలేదు. ‘బుధవారం సాయంత్రానికి’ అన్న మాట తొమ్మిది అన్న అంకెకు గడువు కట్టింది.

రాసిన తరువాత సరిచూసే పనిని చివరి వాక్యం నుంచి మొదటి వాక్యం వైపు చేయడం మంచిది. మొదటి నుంచి చదివితే వాక్యాల ప్రవాహంలో పడి తప్పులు దాటిపోతాయి. ఒక్కో వాక్యాన్ని మళ్లీ ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్క కింద అది ఏ కథనంలో ఏ వాక్యం నుంచి వచ్చిందో వేలు పెట్టి చూపగలగాలి. ఒకే ముక్కకు సగం ఒక కథనం, సగం మరో కథనం ఆధారమైతే, ఆ రెండు సగాలూ ఒకే మనుషుల గురించి, ఒకే సమయం గురించి మాట్లాడుతున్నాయా అని చూడాలి. అలా చూపలేని ముక్కను తీసేయాలి. ఆ పిమ్మట క్రియలను ఒకసారి విడిగా చూసుకోవాలి. మూలంలో ‘భావిస్తున్నారు’ ఉండి మన దగ్గర ‘తెలిపారు’ అయి ఉంటే వెనక్కి మార్చాలి.

మరుసటి రోజు నాలుగో కథనం వచ్చిందనుకోండి, అందులో చికిత్స పొందుతున్న ఒకరు మరణించినట్లు ఉంది. అప్పుడు మృతులు ముగ్గురని ఉన్న చోట నలుగురని మార్చి ఊరుకుంటే చాలదు. ఆ వ్యక్తి ఆసుపత్రిలో చేరిన 14 మందిలో ఒకరు కాబట్టి, ‘మరో 14 మంది’ అన్న మాట ఆ క్షణం నుంచి తప్పవుతుంది, తొమ్మిది అన్న అంకెకు కూడా కాలం చెల్లుతుంది. కొత్త అంకెలను మనమే లెక్కగట్టకుండా, వైద్యుల తాజా మాట దొరికే వరకు వాక్యాన్ని ‘ఆసుపత్రిలో చేర్చిన 14 మందిలో ఒకరు గురువారం మరణించడంతో మృతుల సంఖ్య నాలుగుకు చేరింది’ అని తిరగరాసి, చికిత్స పొందుతున్నవారి సంఖ్యను తీసేయాలి.